ఫోన్లో ఔన్సు రేటు చూపించి బంగారం అమ్మితే జాగ్రత్త: నల్లగొండలో మాకు ఎదురైంది

పెళ్లిళ్ల సీజన్ కదా, నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ వైపు బంగారం కొనబోయేవాళ్లు ఇది ఒకసారి చదవండి. "అంతర్జాతీయ రేటు కన్నా తక్కువకే ఇస్తున్నా" అని ఫోన్లో లెక్క చేసి చూపిస్తూనే తులానికి ఎనిమిది వేల పైన ఎక్కువ గుంజే పద్ధతి ఒకటి మేం కళ్లారా చూశాం. దుకాణం పేరు రాయను, ఇన్‌బాక్స్‌లో అడగకండి. లెక్క తెలిస్తే ఏ దుకాణంలోనైనా మీరే పట్టుకోవచ్చు.

మా వదిన వాళ్ల బిడ్డ పెళ్లికి నాలుగు తులాల పుస్తెలతాడు కావాలి, బదులుగా రెండు తులాల పాత గొలుసు ఇచ్చేయాలి. మధ్యాహ్నం పన్నెండు గంటలకు వెళ్లాం. రేటు బోర్డు తుడిచేసి ఉంది. అడిగితే "ఇప్పుడు బోర్డు ఎవరు చూస్తున్నరక్కా, లైవ్ రేటే" అని సేటు ఫోన్ తీశాడు. స్క్రీన్ మీద `XAU/USD`, అంటే డాలర్లలో బంగారం రేటు, పక్కన 4,000 దరిదాపు అంకె. "ఇగో, లండన్‌ల ఇప్పుడే ఫిక్స్ అయింది. సాయంత్రానికి ఇంక పెరుగుతది, తొందరగా చెప్పుండ్రి" అన్నాడు.

అబద్ధం ఇక్కడే మొదలైంది. నేను కొన్నేళ్లు కమోడిటీ బ్రోకర్ ఆఫీసులో పనిచేశాను కాబట్టి ఆ టైం వినగానే అనుమానం వచ్చింది. మనకు మధ్యాహ్నం పన్నెండంటే లండన్‌లో ఇంకా తెల్లవారుజామో, పొద్దుటి పూటో. అక్కడ రేటు ఖరారు చేసే వేలం రోజుకు రెండుసార్లే జరుగుతుంది, వాళ్ల టైం ప్రకారం పొద్దున 10:30కి, మధ్యాహ్నం 3 గంటలకు. చలికాలంలో అయితే మన గడియారంలో సాయంత్రం 4, రాత్రి 8:30. ఎండాకాలంలో వాళ్లు గడియారం ఒక గంట ముందుకు జరుపుతారు, అప్పుడు మనకు 3 గంటలు, 7:30 అవుతుంది. ఏ కాలంలోనైనా మన మధ్యాహ్న భోజనం వేళకు లండన్‌లో ఏదీ ఫిక్స్ కాదు.

ఆ వేలం ఎలా జరుగుతుందో చెప్తా, ఎందుకంటే "ఫిక్స్" అనగానే ఎవరో నలుగురు పెద్దమనుషులు కూర్చుని రేటు రాసేస్తారని చాలామంది అనుకుంటారు. ఒకప్పుడు దాదాపు అలాగే ఉండేది, 1919 నుంచి. 2015 మార్చి నుంచి అది కంప్యూటర్ మీదికి వచ్చింది. ముందు ఒక రేటు పెడతారు. ఆ రేటుకు ఎంత కొంటారో, ఎంత అమ్ముతారో బ్యాంకులూ పెద్ద వ్యాపారులూ 30 సెకన్లలో చెప్పాలి. కొనేదానికీ అమ్మేదానికీ మధ్య తేడా మామూలుగా 10,000 ఔన్సుల లోపుంటే అదే ఆ పూట రేటు. అంతకన్నా ఎక్కువుంటే రేటు కాస్త జరిపి మళ్లీ 30 సెకన్లు. అలా కుదిరేదాకా సాగుతుంది. గనుల వాళ్లు, రిఫైనరీలు, రిజర్వు బ్యాంకులు తమ ఒప్పందాల్లో వాడుకునే రేటు అది.

సేటు ఫోన్లో ఉన్నది మాత్రం ఆ రేటు కాదు. అది స్పాట్ రేటు. దాన్ని ఎవరూ ఖరారు చేయరు. పెద్ద బ్యాంకులు ఒకదానికొకటి "ఇంతకు కొంటా, ఇంతకు అమ్ముతా" అని చెప్పుకునే రెండు రేట్ల నుంచి అది వస్తుంది. దానికి తోడు న్యూయార్క్‌లోని కామెక్స్, అంటే ముందు తేదీకి ఇవ్వాల్సిన బంగారానికి ఇప్పుడే రేటు ఒప్పుకునే ఫ్యూచర్స్ మార్కెట్. రెండూ ఒకదాన్నొకటి లాగుతూ, ఒక్క శని, ఆదివారాలు తప్ప దాదాపు పగలూ రాత్రీ నడుస్తూనే ఉంటాయి. అందుకే ఫోన్లో ఆ అంకె క్షణక్షణం మారుతుంది. మన దగ్గర పొద్దున అది కొంచెం నెమ్మదిగా ఉంటుంది. లండన్ తెరిచాక ఊపొస్తుంది. అమెరికా ధరల లెక్కలు, ఉద్యోగాల లెక్కలు విడుదలయ్యే రోజుల్లో సాయంత్రం ఆరు, ఏడు గంటలప్పుడు నిమిషాల్లో పదుల డాలర్లు అటూ ఇటూ అవుతుంది. అంటే "సాయంత్రానికి పెరుగుతది" అన్నవాడికి అది తెలిసే అవకాశమే లేదు, తగ్గడానికీ అంతే ఆస్కారం ఉంది.

ఇంతకీ అసలు మోసం టైం దగ్గర కాదు, ఔన్సు దగ్గర. ఫోన్లో కనిపించే డాలర్లు ఒక గ్రాముకు కాదు, ఒక ట్రాయ్ ఔన్సు మేలిమి బంగారానికి. ట్రాయ్ ఔన్సు అంటే 31.1035 గ్రాములు. బంగారం, వెండి, ప్లాటినం లాంటి వాటికే ఈ తూకం. అమెరికా లాంటి చోట్ల వంట సరుకులు, పోస్టు కవర్లు తూచే మామూలు ఔన్సు వేరే ఉంది, అది 28.35 గ్రాములే. గూగుల్‌లో `1 ounce in grams` అని కొడితే వచ్చేది ఈ చిన్న ఔన్సే. సేటు సరిగ్గా అదే కొట్టాడు. మాకు స్క్రీన్ తిప్పి చూపించాడు కూడా, "నా మాట కాదక్కా, గూగులే చెప్తుంది" అని. `1 troy ounce in grams` అని కొట్టి ఉంటే 31.1 వచ్చేది.

ఆ తర్వాత ఆయన కాలిక్యులేటర్ మీద చేసిన లెక్క ఇది. మీకు తేలిగ్గా ఉండాలని అంకెలను కాస్త గుండ్రం చేసి రాస్తున్నా. ఔన్సు 4,000 డాలర్లు, డాలరు 88 రూపాయలు, అంటే ఔన్సుకు 3,52,000 రూపాయలు. దాన్ని 28.35తో భాగిస్తే గ్రాము 12,416. దాని మీద కస్టమ్స్ సుంకం 6 శాతం వేస్తే 13,161. అది 24 క్యారెట్లకు. నగ 22 క్యారెట్లు కాబట్టి 0.916తో గుణిస్తే 12,055. ఇక్కడ ఆగి, పెద్ద మనసుతో, "మన నల్లగొండోళ్లకని 11,800కే ఇస్తున్నా, గ్రాముకు 255 నాకు నష్టమే" అన్నాడు. వదిన ముఖంలో సంతోషం చూడాలి.

ఇప్పుడు సరైన లెక్క చూడండి. అదే 3,52,000ను 31.1తో భాగిస్తే గ్రాము 11,318. సుంకంతో సుమారు 11,997. 22 క్యారెట్లకు సుమారు 10,990. అంటే "నష్టానికి" ఇస్తున్న 11,800లో గ్రాముకు 810 రూపాయలు అదనం. నలభై గ్రాములకు 32,400. మజూరి శాతాల్లో వేస్తారు కాబట్టి ఆ అదనం మీద కూడా మజూరి పడుతుంది, ఆ మొత్తం మీద 3 శాతం జీఎస్టీ. మాకు చెప్పిన మజూరి 12 శాతం. అన్నీ కలిపితే 37 వేల పైనే.

అంతవరకైతే పొరపాటేమో అనుకునేవాణ్ని. గూగుల్‌లో అలా వస్తుంది కదా, ఎవరైనా పొరబడొచ్చు. కానీ పాత గొలుసు తూకం వేశాక ఆయన మళ్లీ లెక్క మొదలుపెట్టాడు. 3,52,000 కొట్టాడు, భాగించాడు, ఈసారి వేలు 31.1 మీదికి వెళ్లింది. సుంకం ఊసే లేదు. 0.916తో గుణించి గ్రాముకు 10,367 అన్నాడు. ఒకే కాలిక్యులేటర్, ఒకే స్పాట్ రేటు, కొనేటప్పుడు ఒక ఔన్సు, అమ్మేటప్పుడు ఇంకో ఔన్సు. "ఏంది సేటూ, ఔన్సు ఇంతలోనే పెరిగిందా?" అంటే "అది పాతదానికి లెక్క వేరే తమ్మీ" అన్నాడు. వేరే ఉండదు. తరుగు కోస్తారు, కరిగించి చూస్తే స్వచ్ఛత తక్కువుందని తేలితే ఆ మేరకు తగ్గిస్తారు, అది న్యాయమే. కానీ సుంకం కలిసిన రేటుకే మన దేశంలో బంగారం చలామణీ అవుతుంది, పాత గొలుసులో ఉన్నదీ అదే బంగారం. అక్కడ కూడా ఇరవై గ్రాములకు 12 వేల పైనే పోయేది. గొలుసు తీసుకుని లేచి వచ్చేశాం.

పట్టుకోవడం ఎలా అంటే, ఆ రెండు ఔన్సుల మధ్య తేడా దాదాపు 9.7 శాతం. మీరు 31.1తో భాగించి సుంకం కలిపి లెక్కేసిన రేటుకీ, ఊళ్లో మిగతా దుకాణాల బోర్డు రేటుకీ ఒకటి రెండు శాతం తేడా ఉండటం మామూలే. డాలరు రేటు కదులుతుంటుంది, ప్రభుత్వం సుంకం లెక్కించే ధర వేరే ఉంటుంది, గిరాకీని బట్టి వ్యాపారులు కొంచెం ఎక్కువో తక్కువో పెడతారు. అందుకే ఈ లెక్క రూపాయి రూపాయికీ సరిపోదు, దాన్ని పట్టుకుని మంచి దుకాణం వాళ్లతో గొడవ పెట్టుకోకండి. కానీ తేడా ఏడు నుంచి పది శాతం దాకా కనిపిస్తే ఔన్సు మారిందేమో అని అనుమానించాలి, "తగ్గించి" 11,800 అన్నాక కూడా మాకు తేడా ఏడు శాతం పైనే. 2024 జూలైలో సుంకాన్ని 15 శాతం నుంచి 6కు తగ్గించారు, నా లెక్క దాని మీదే. మీరు వెళ్లే రోజుకు ఎంతుందో ఒకసారి చూసుకోండి. పాత 15 శాతమే వేసి చూపించేవాళ్లు కూడా ఉండొచ్చు.

నిజానికి మనలాంటి వాళ్లకు ఔన్సు లెక్కే అక్కర్లేదు. హైదరాబాద్ రేటును బట్టి ఊళ్లో దుకాణాలు పొద్దున బోర్డు రాస్తాయి, బాగా కదిలిన రోజున మధ్యలో ఒకసారి మారుస్తాయి. రెండు మూడు దుకాణాల బోర్డులు చూసుకుంటే చాలు. ఐబీజేఏ అనే వ్యాపారుల సంఘం కూడా పని దినాల్లో రోజుకు రెండుసార్లు రేటు ప్రకటిస్తుంది, అది జీఎస్టీ కలపని రేటు. బోర్డు తుడిచేసి "లైవ్" అన్నవాడు ఏ నిమిషం రేటు మీకు అంటగడుతున్నాడో తేల్చలేరు, రోజు మొత్తంలో పైకి వెళ్లిన అంకె దగ్గర స్క్రీన్ ఆపి చూపించినా మీకు తెలియదు. ఇంకో మాట, తులం అని మాట్లాడినా బిల్లులో గ్రాములే రాయించండి. పాత లెక్కలో తులం 11.66 గ్రాములు, ఇప్పుడు మన దుకాణాల్లో 10. ముసలోళ్లు ఒకటి అనుకుంటారు, దుకాణదారు ఇంకోటి అనుకుంటాడు.

ఇప్పటికే ఇలా కొని ఉంటే బిల్లు తీసి చూడండి. గ్రాము రేటు, 22 క్యారెట్లా కాదా, మజూరి విడివిడిగా ఉండాలి, నగ మీద ఆరు అక్షరాల హాల్‌మార్క్ నంబరు ఉండాలి. ఆ తేదీ ఐబీజేఏ 22 క్యారెట్ల రేటును బిల్లులోని గ్రాము రేటుతో పోల్చండి. ఏడు నుంచి పది శాతం తేడా కనిపిస్తే ముందు దుకాణానికి వెళ్లి ఏ ఔన్సుతో భాగించారో కాగితం మీద రాసిమ్మనండి. రాయనంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, బిల్లు ఫొటో దగ్గర పెట్టుకోండి. బిల్లే ఇవ్వకుండా చీటీ మీద రాసిచ్చి ఉంటే ఆ చీటీ కూడా పారేయకండి.