ఇంకాల గోడ: అతికించిన రాయా, మట్టితో పేర్చిన రాయా?

దక్షిణ అమెరికాలో పెరూ ప్రాంతాన్ని ఏలిన ఇంకాల రాజధాని కుస్కోలో రాతి గోడకు రెండు పద్ధతులుండేవి. ఒకటి, ఏ అడుసూ లేకుండా రాయికి రాయి అతికినట్టు సరిపోయేలా చెక్కి అమర్చడం. రెండోది, మామూలు రాళ్లను బంకమట్టితో పేర్చడం.

శ్రమ: ఇనుప ఉలి లేదు. గట్టి గుండ్రాళ్లతో కొట్టి కొట్టి రాయిని మలిచేవారు. కింది రాయి వంపుకు తగ్గట్టు పైరాయిని చెక్కి, పెట్టి చూసి, తీసి మళ్లీ కొట్టాలి. అంచుల దగ్గర చిన్న గుండ్లు వాడేవారు, అందుకే అక్కడి గుంటలు సన్నగా ఉంటాయి. మట్టి గోడకు ఇంత టెన్షన్ లేదు, సందులను మట్టే కప్పేస్తుంది.

ఖర్చు: డబ్బు కాదు, మనుషుల రోజులు. ప్రజలు వంతులవారీగా రాజ్యానికి చేసే పని అది.

ప్రమాదం: మట్టి వానకు కొట్టుకుపోతుంది, పైకప్పు తప్పనిసరి. అతుకు గోడ లోపలికి కాస్త వాలి ఉంటుంది, భూమి కంపించినా తట్టుకుంటుంది. 1950 భూకంపంలో ఇంకాల సూర్య దేవాలయం కోరికాంచా మీద స్పెయిన్‌వాళ్లు కట్టిన శాంటో డొమింగో చర్చి బాగా దెబ్బతింది. కింది ఇంకాల గోడలు నిలిచాయి.

గుడికీ, రాజభవనానికీ అతుకు రాయి. ఇళ్లకూ, గోదాములకూ మట్టి గోడే సరి. ఇంకాల కొండ పట్టణం మాచు పిచ్చులో రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి.