ఆలస్యమైన బిల్లుపై వడ్డీ: ఫెసిలిటేషన్ కౌన్సిలా, వాణిజ్య న్యాయస్థానమా?

సరుకు అందుకున్న కంపెనీ నెలల తరబడి డబ్బు ఇవ్వనప్పుడు ఉద్యమ్ నమోదు ఉన్న సూక్ష్మ, చిన్న తయారీదారుకు రెండు దారులుంటాయి. మొదటిది 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం కింద ఇలాంటి బకాయి వివాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్, రెండోది వాణిజ్య న్యాయస్థానంలో దావా. ఆ చట్టం ప్రకారం, ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా, సరుకు స్వీకరించిన రోజు నుంచి 45 రోజులు దాటకూడదు. గడువే రాసుకోకపోతే 15 రోజులే. ఆపైన రిజర్వ్ బ్యాంకు ప్రకటించిన బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా అసలులో కలుస్తూ చక్రవడ్డీ పడుతుంది. రెపో రేటును పట్టుకుని లెక్కించడం తరచూ జరిగే పొరపాటు.

బ్యాంక్ రేటు 6 శాతం అనుకుంటే వడ్డీ ఏడాదికి 18, నెలకు 1.5 శాతం. రూ.4,00,000 బిల్లు గడువు తర్వాత మూడు నెలలు ఆగితే:

```
4,00,000 × (1.015)³ = 4,18,271
```

అంటే వడ్డీ రూ.18,271. అదే బిల్లుపై ఒప్పందంలోని 12 శాతం సాధారణ వడ్డీని న్యాయస్థానంలో కోరితే రూ.12,000 మాత్రమే వస్తుంది. వడ్డీ షరతు లేకపోతే రేటు న్యాయమూర్తి విచక్షణకే వదలాలి. పైగా అత్యవసర ఉత్తర్వు కోరని వాణిజ్య దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి, కోర్టు రుసుమూ ముందే కట్టాలి.

కౌన్సిల్‌కు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసేటప్పుడు కొనుగోలు ఆర్డరు, బిల్లు, సరుకు అందినట్టు సంతకమున్న చలానా జతచేయాలి. ఆ చలానా తేదీ లేకపోతే 45 రోజుల లెక్కే వివాదంలో పడుతుంది. కౌన్సిల్ మొదట రాజీకి ప్రయత్నించి, కుదరకపోతే ఆర్బిట్రేషన్ చేపడుతుంది. తీర్పును సవాలు చేయదలచిన కొనుగోలుదారు 75 శాతం సొమ్ము ముందుగా జమ చేయాలి కాబట్టి, అర్హత ఉన్నవారికి నా సలహా ఈ దారే. మధ్యతరహా సంస్థలకు మాత్రం ఈ వడ్డీ హక్కు లేదు.