ఇరవై పదాల నియమం: మూడేళ్లు వాడాక

జీడిమెట్లలో ఓ చిన్న బల్క్ డ్రగ్ కంపెనీలో ఎక్స్‌పోర్ట్ డాక్యుమెంటేషన్ పని నాది. నా మెయిళ్లలో ఎక్కువ భాగం జపాన్‌కీ బ్రెజిల్‌కీ వెళ్తాయి. అక్కడ చదివేవాళ్లు కూడా నాలాగే ఇంగ్లిష్‌ని బడిలో నేర్చుకున్నవాళ్లు. మూడేళ్లుగా వాళ్ల కోసం మెయిళ్లను సింప్లిఫైడ్ టెక్నికల్ ఇంగ్లిష్ (ASD-STE100) నియమాల ప్రకారం తిరగరాస్తున్నాను. విమానాల మెయింటెనెన్స్ మాన్యువల్స్ కోసం 1980లలో పుట్టిన పద్ధతి ఇది. ఈ నియమాల పుస్తకం కాపీ అడిగితే ఉచితంగానే పంపిస్తారు.

ఒక్క మాట వల్ల జరిగిన పొరపాటుతో దీని జోలికి వెళ్లాను. లేబుల్‌లో స్టోరేజ్ టెంపరేచర్ మారిస్తే, కొత్త లేబుల్ జతచేసి జపాన్ కస్టమర్‌కి ఒకే వాక్యంలో మెయిల్ పెట్టాను: కింది మెయిల్‌కి సంబంధించి సవరించిన లేబుల్ జతచేశాం, కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్ అండ్ రివర్ట్ ఎట్ ద ఎర్లియెస్ట్. రెండు రోజులకి జవాబు వచ్చింది. అర్థమైంది, మీరు చెప్పినట్టే పాత లేబుల్‌కి తిరిగి వెళ్తున్నాం అని. అప్పటికే పాతవి ప్రింట్ కూడా చేయించారు. తప్పు ఆయనది కాదు. మన ఆఫీసుల్లో రివర్ట్ అంటే జవాబివ్వడం. డిక్షనరీలో దాని మొదటి అర్థం పూర్వస్థితికి పోవడం. ఆయన డిక్షనరీ చూశారు.

అదే మెయిల్‌ని ఇప్పుడైతే ఇలా రాస్తాను. కొత్త లేబుల్ జతచేశాం. ఫైల్ పేరు Label_v2. స్టోరేజ్ టెంపరేచర్ మాత్రమే మారింది. దయచేసి ఆ లైన్ సరిచూడండి. సరిగ్గా ఉంటే ‘ఓకే’ అని రాయండి. జవాబు 12 జులై శుక్రవారం, జపాన్ టైమ్ సాయంత్రం 5 గంటల లోపు కావాలి. పాత లేబుల్ వాడకండి. ఒక్క వాక్యం ఏడైంది, కానీ ఎవరు ఏం చేయాలో, ఎప్పటిలోగా చేయాలో అందులో తేలిపోయింది. ‘ఎట్ ద ఎర్లియెస్ట్’ అన్న చోట తేదీ వచ్చింది. నెల పేరు అక్షరాల్లో రాయడం వల్ల 07/12 అంటే జులైయా డిసెంబరా అన్న అనుమానం ఉండదు.

ఆ ప్రమాణంలో నాకు బాగా ఉపయోగపడినవి రెండు నియమాలు. పని చెప్పే వాక్యం 20 పదాలు దాటకూడదు. ఒక మాటకి ఒకే అర్థం ఉండాలి. మొదటిది వారంలో అలవాటైంది. రెండోది ఇప్పటికీ కష్టమే. ఒకే కాగితాన్ని పై పేరాలో సర్టిఫికెట్ అనీ, కింద రిపోర్ట్ అనీ రాస్తే, చదివేవాళ్లు రెండు కాగితాల కోసం వెతుకుతారు. బడిలో ఒకే మాట మళ్లీ రాయొద్దని నేర్పారు. ఇక్కడ అదే మాట మళ్లీ రాయాలి.

లోపాలూ ఉన్నాయి. అందులోని పదపట్టికను ఉన్నదున్నట్టు మెయిల్‌కి వాడకండి. ‘ఫాలో’ అంటే వెనుక రావడం మాత్రమేనట, సూచనలు పాటించడానికి ‘ఒబే’ అనాలట. మెకానిక్ మాన్యువల్‌లో అది సరే. కస్టమర్‌కి ఒబే అని రాస్తే ఆజ్ఞాపించినట్టు ఉంటుంది. పొట్టి వాక్యాలు వరసగా పడితే కోపంగా కూడా వినిపిస్తాయి. అందుకే మొదట ఒక థాంక్స్ లైన్, అడిగే ప్రతిచోటా ఒక ప్లీజ్ ఉంచుతాను.

ఇంకోటి, చిన్న మాట ఎప్పుడూ తేలిక మాట కాదు. బ్రెజిల్ ఆయనకి ‘కాల్ ఆఫ్’ కంటే ‘క్యాన్సిల్’ తేలిక, పోర్చుగీస్‌లో క్యాన్సెలార్ ఉంది కాబట్టి. అదే ‘యాక్చువల్లీ’ రాస్తే చిక్కు. వాళ్ల భాషలో దానిలా కనిపించే మాటకి ‘ప్రస్తుతం’ అని అర్థం. ఇలాంటివి చదివేవాళ్ల భాషని బట్టి మనమే నేర్చుకోవాలి.

‘శాంపిల్ అక్కర్లేదా?’ లాంటి ప్రశ్నలు పూర్తిగా మానేశాను. జపాన్ వాళ్లు ‘యస్’ అంటే ‘అవును, అక్కర్లేదు’ అని. తెలుగులో మనమూ అలాగే అంటాం, ఇంగ్లిష్ అలా అనదు. ఇప్పుడు ‘శాంపిల్ కావాలా? 1. కావాలి 2. వద్దు’ అని రాస్తాను. చాలాసార్లు జవాబుగా ఒక్క అంకె వస్తుంది, అది చాలు.

మామూలు మెయిల్‌ని ఇలా తిరగరాయడానికి మొదట్లో పావుగంట పట్టేది, ఇప్పుడు ఐదు నిమిషాలు. షిప్‌మెంట్, లేబుల్, శాంపిల్ మెయిళ్లకి దీన్ని గట్టిగా సిఫార్సు చేస్తాను. ధర బేరం, క్వాలిటీ కంప్లైంట్ మెయిళ్లకి మాత్రం చేయను. అక్కడ ‘బహుశా’, ‘వీలైతే’ లాంటి మాటలు అవసరం. వాటిని తీసేస్తే మనం ఇవ్వని మాట ఇచ్చినట్టు అవుతుంది.