డిస్కవరీ డాక్యుమెంట్లు బయటివాళ్లతో సర్దిస్తున్నారా? నాలుగు ఫోల్డర్ల పనికి డబ్బు కట్టకండి

కోర్టు కేసులో అవతలి పక్షానికి ఇవ్వాల్సిన డాక్యుమెంట్లను సర్దిపెట్టే పని బయటి సంస్థకు అప్పగించబోతున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను ఒక కంపెనీ లీగల్ విభాగంలో పనిచేస్తాను. మేం డబ్బు కట్టి చేయించుకున్న పని వల్ల మా లాయరుకు రాసిన రహస్య మెయిల్ అవతలి పక్షం చేతికి వెళ్లింది. మాకు పనికొచ్చే రిపోర్టు మాత్రం మా నిపుణుడి కంటపడలేదు. ఈ రెండూ ఒకే మెయిల్ విషయంలో జరిగాయి.

మేం కొన్న యంత్రం ఆలస్యంగా వచ్చింది, వచ్చాక సరిగా నడవలేదు. బాకీ ఆపేశాం. అమ్మినవాళ్లు దావా వేశారు. మా ఏడుగురు ఉద్యోగుల మెయిల్‌బాక్సుల నుంచి తీసిన నాలుగు వేల పైచిలుకు డాక్యుమెంట్లను ఆ సంస్థకు ఇచ్చి, నాలుగు అడిగాం: ఏ డాక్యుమెంటు ఏ వివాదాంశానికి చెందుతుంది, కీలకమైనవి ఏవి, ప్రివిలేజ్, అంటే లాయరుతో జరిపిన సంప్రదింపులకు ఉండే రహస్య రక్షణ, ఉన్నందున ఇవ్వకూడనివి ఏవి, సెట్‌లో ఏమేం లోటున్నాయి. మూడు వారాల్లో ఫలితం వచ్చింది. చక్కగా నాలుగు ఫోల్డర్లు, ప్రతి డాక్యుమెంటూ ఏదో ఒక ఫోల్డర్లో. చూడగానే ముచ్చటేసింది. అక్కడే పొరపాటు పడ్డాం.

ఆ నాలుగూ నాలుగు పెట్టెలు కావండి. మొదటి మూడూ ప్రతి డాక్యుమెంటునూ విడివిడిగా అడగాల్సిన ప్రశ్నలు. ఒకే కాగితం రెండు వివాదాంశాలకు చెందవచ్చు, కీలకం కావచ్చు, అందులో సగానికి ప్రివిలేజ్ కూడా ఉండవచ్చు. నాలుగోదైతే అసలు డాక్యుమెంట్ల గుంపే కాదు. లేనివాటి జాబితా అది.

మా ప్రొడక్షన్ మేనేజర్ లాయరుకు రాసిన మెయిల్ సంగతి చెప్తాను. మొదటి పేరాలో బాకీ ఆపవచ్చా అని సలహా అడిగాడు. మెయిల్‌కు యంత్రం ట్రయల్ రన్ రిపోర్టు జతచేశాడు. ఆ రిపోర్టు అంతకు పది రోజుల ముందే, లాయరుతో సంబంధం లేకుండా, మామూలు పనిలో భాగంగా తయారైంది. సలహా అడిగిన భాగానికి ప్రివిలేజ్ ఉంటుంది. కానీ ముందే ఉన్న కాగితం లాయరుకు పంపినంత మాత్రాన రహస్యం అయిపోదు. దాన్ని అవతలివాళ్లకు ఇవ్వాలి, మనమూ వాడుకోవాలి.

ఆ సంస్థ మెయిల్‌నూ అటాచ్‌మెంట్‌నూ కలిపి ప్రివిలేజ్ ఫోల్డర్లో పడేసింది. ఒక డాక్యుమెంటుకు ఒకే చోటు కాబట్టి ‘యంత్రంలో లోపం’ అనే వివాదాంశం కింద ఆ రిపోర్టు కనబడలేదు. మా తరఫు నిపుణుడు వివాదాంశాల జాబితా చూసుకునే తన నివేదిక రాశాడు. ట్రయల్ రన్ అంకెలు లేకుండానే రాశాడు.

అదే మెయిల్‌ను మేనేజర్ అటాచ్‌మెంట్ లేకుండా మా సైట్ ఇంజనీరుకు ఫార్వర్డ్ చేశాడు. ఆ ఫార్వర్డ్ మెయిల్లో పంపినవారూ అందుకున్నవారూ ఇద్దరూ మా ఉద్యోగులే, లాయరు పేరు కింద కోట్ అయిన పాత మెయిల్లో మాత్రమే ఉంది. ఆ సంస్థ లాయర్ల పేర్లను `From`, `To`, `CC` గడుల్లో మాత్రమే వెతికింది, మెయిల్ లోపలి పాఠంలో వెతకలేదు. దాంతో ఆ మెయిల్ ‘వివాదాంశాలు’ ఫోల్డర్లోకి చేరి, మా లాయరును అడిగిన ప్రశ్నతో సహా అవతలివాళ్లకు వెళ్లిపోయింది.

తెలిసిన రోజే మా లాయరు లిఖితపూర్వకంగా తిరిగి ఇమ్మని అడిగారు. ఇలాంటప్పుడు ఎంత త్వరగా మేలుకున్నాం, ముందు ఎంత జాగ్రత్త తీసుకున్నాం అన్నది చాలా చోట్ల లెక్కలోకి వస్తుంది. వాళ్లు తిరిగిచ్చారు. కానీ చదివింది చదివాక మనసులోంచి ఎవరు తీసేయగలరు?

మేం కూడా ఒక పని చేసి ఉండాల్సింది. మీరైతే డాక్యుమెంట్లు అవతలివాళ్లకు పంపేముందే చేయండి. మొత్తం సెట్‌ను స్ప్రెడ్‌షీట్‌గా తెప్పించుకుని, ఒక మెయిల్ సంభాషణకు చెందిన వరసలన్నీ ఒకచోట చేరేలా అమర్చండి. ఒకే సంభాషణలో ఒకదానికి ప్రివిలేజ్ ట్యాగ్ ఉండి, మరొకదానికి లేకపోతే ఆ రెండూ తెరిచి చదవండి. తర్వాత, అచ్చం ఒకేలా ఉన్న ఫైళ్లకు ఒకే విలువ చూపే `MD5 Hash` గడి ప్రకారం అమర్చండి. అచ్చుగుద్దినట్టున్న రెండు కాపీలకు వేర్వేరు ట్యాగులు పడితే అక్కడ దొరికిపోతాయి. రెండోది ఒక్కటే చేస్తే చాలదు: ఫార్వర్డ్ చేసిన మెయిల్‌కు ఆ విలువ మారిపోతుంది. మా మెయిల్ మొదటి పరీక్షలోనే పట్టుబడేది.

ఇటువైపు ఇలా వదిలేసిన సంస్థే అటువైపు అతిగా పోయింది. లాయరుకు కాపీ వెళ్లిన డెలివరీ షెడ్యూళ్లు కూడా ప్రివిలేజ్ కిందే పెట్టారు. కారణం రాయాల్సిన గడిలో అన్నింటికీ ఒకటే వాక్యం. అలాంటి జాబితా కోర్టుకు ఇస్తే నిజంగా రహస్యమైన వాటిని కూడా అనుమానంగా చూస్తారు.

వివాదాంశాల పేర్లు చూసినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. ‘కాంట్రాక్టు’, ‘చెల్లింపులు’, ‘డెలివరీ’ అని పెట్టారు. అవి విషయాలే తప్ప వివాదాంశాలు కావు. ‘గడువు పొడిగింపుకు మేం ఒప్పుకున్నామా’, ‘లోపం గురించి సమయానికి తెలియజేశామా’ అన్నవి వివాదాంశాలు. దావా పత్రాల్లో ఒకరు ఔనని, ఇంకొకరు కాదని అన్నవి. కీలక డాక్యుమెంట్లలోనేమో మాకు అనుకూలమైనవే ఏరారు, ఎందుకు కీలకమో ఒక్క ముక్క రాయలేదు. మనకు చేటు చేసే కాగితం ముందు మన కంటపడాలి కదా.

ఇక లోటుల ఫోల్డర్లో ఒకే ఒక్క ఫైల్ ఉంది: పేజీ నంబర్లు వరుసగా ఉన్నాయి, ఏదీ తప్పిపోలేదు అని. ఆ నంబర్లు సేకరణ అయ్యాక వేసేవి. సేకరణలోనే రానిదానికి నంబరే పడదు, కాబట్టి ఆ వరుస చూసి అలాంటి లోటు తెలియదు. నేను కూర్చుని ఒక్కో ఉద్యోగికి నెలనెలా ఎన్ని మెయిళ్లు ఉన్నాయో లెక్కవేశాను. యంత్రం దిగిన నెలలో మా కొనుగోళ్ల అధికారి మెయిల్‌బాక్సులో ఒక్క మెయిల్ కూడా లేదు. అదే నెలలో మిగతావాళ్లు ఆయనకు రాసినవి ముప్పైకి పైగా ఉన్నాయి. ఐటీ వాళ్లను అడిగితే ఆయన పాత మెయిళ్లు ఆర్కైవ్‌లో ఉన్నాయి, సేకరించినప్పుడు దాన్ని తీసుకోలేదు అన్నారు. ఇంకో చోట మెయిల్లో అటాచ్‌మెంట్ బదులు లింకు ఉంది, ఆ లింకు వెనకున్న ఫైలు సెట్‌లో లేదు. ‘నిన్నటి మీటింగ్ మినిట్స్ చూడండి’ అని రాసిన మెయిల్ ఉంది, మినిట్స్ లేవు. లోటుల జాబితా అంటే ఇలా ఉండాలి: ఏది లేదు, అది ఉండి ఉండాలని దేన్నిబట్టి తెలుస్తోంది, ఎవర్ని అడగాలి.

ఒప్పందం రాసుకునే ముందు మీ సెట్‌లోంచి రెండొందల డాక్యుమెంట్లు ఇచ్చి చేసి చూపించమనండి. వాటిలో లాయరు మెయిల్ ఫార్వర్డ్ అయిన సంభాషణ ఒకటి, పాత రిపోర్టు జతచేసిన లాయరు మెయిల్ ఒకటి ఉండేలా చూసుకోండి. ఒక డాక్యుమెంటుకు రెండు మూడు ట్యాగులు వేయలేమని, ఏదో ఒకటే ఎంచుకోమని వాళ్లు అంటే, ఆ మాటతోనే లేచి వచ్చేయండి.

మా సెట్ మొత్తాన్ని ఇప్పుడు ఇంకొకరితో మళ్లీ చేయిస్తున్నాం. నిపుణుడు అనుబంధ నివేదిక దాఖలు చేయడానికి అనుమతి కోరాం, కోర్టు ఇంకా ఏమీ చెప్పలేదు.