కంపోజర్‌కి ఏం పంపాలి: రిఫరెన్స్ ట్రాకులా, సీన్‌లో ఉన్న బాధా?

చీమకుర్తి గ్రానైట్ క్వారీలో పని పోయిన ఒకతను, ఆ సంగతి ఇంట్లో చెప్పకుండా రోజూ క్యారియర్ పట్టుకుని బయల్దేరతాడు. పది నిమిషాల షార్ట్ ఫిల్మ్‌కి ఇదీ కథ అనుకుందాం. సంగీతానికి ఉన్నదల్లా ఒంగోలులో ఇంటి దగ్గరే కీబోర్డు, ల్యాప్‌టాప్‌తో పనిచేసే ఒక కంపోజర్, డబ్బులు సరిపోతే ఒక పూట వచ్చి వాయించే వేణువు మనిషి.

డైరెక్టర్లు మామూలుగా చేసే పని, నాలుగైదు రిఫరెన్స్ ట్రాకులు పంపి ‘ఇలా కావాలి’ అనడం. దీనివల్ల వేగం, వాయిద్యాల బరువు ఒక్క వినికిడితో అర్థమవుతాయి. కానీ ఆ ట్రాకులో నలభై మంది వయొలిన్ వాయించి ఉంటే, మన కీబోర్డులో అది పల్చగా, నకిలీగా వినిపిస్తుంది. పైగా ఎడిటింగ్‌లో అదే ట్రాకు వేసుకుని వారాల తరబడి చూస్తే చెవి దానికే అలవాటుపడిపోతుంది. ఆ తర్వాత కంపోజర్ ఏం చేసినా నచ్చదు. చివరికి విసిగిపోయి అదే బాణీని అటూ ఇటూ మార్చి ఇస్తాడు. యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ వచ్చేది ఇక్కడే.

పోనీ భావం మాత్రమే రాద్దామా? ‘ఈ సీన్ బాధగా ఉండాలి’ అంటే ఏ బాధ? కంపోజర్ మూడు రకాలుగా చేసి పంపుతాడు, మూడూ పక్కన పెట్టాల్సి వస్తుంది. తక్కువ డబ్బుకి ఒప్పుకున్న మనిషి ఓపిక అక్కడితో అయిపోతుంది.

నా ఓటు భావానికే. అయితే అది సీన్‌కి కట్టి రాసినదై ఉండాలి. ఉదాహరణకి ఇలా:

‘03:12 నుంచి 03:58. భార్య క్యారియర్ మూత బిగిస్తోంది. అతనికి సిగ్గు, ఆమెకింకా ఏమీ తెలియదు. సంగీతం అతని పక్షాన ఉండాలి, కానీ నిజం బయటపెట్టకూడదు. 03:30 దగ్గర ఆమె మాట్లాడుతుంది, అక్కడ వేణువు వద్దు. అతను గడప దాటగానే ఆపేయాలి. తర్వాత వినపడేది క్వారీ డ్రిల్లింగ్ మోతే.’

దీని కింద ఒకే ఒక్క రిఫరెన్స్ పెట్టండి, అందులో ఏం వినాలో కూడా చెప్పండి: ‘0:40 నుంచి 1:05 వరకు, స్వరాల మధ్య ఖాళీ కోసం మాత్రమే. బాణీ, వాయిద్యాలు పట్టించుకోవద్దు.’ ఆ రిఫరెన్స్ కూడా ఒకటి రెండు వాయిద్యాలతో చేసినదైతే మంచిది, మన దగ్గర అంతకుమించి లేవు కాబట్టి. మాటల కింద వేణువు వద్దనడానికీ కారణం ఉంది. బాణీ పాడే వాయిద్యం గొంతుతో పోటీపడుతుంది, డైలాగ్ మీద ధ్యాస చెదురుతుంది.

రిఫరెన్స్‌దే పైచేయి అయ్యే చోటు ఒకటుంది. టీకొట్టు రేడియోలోనో గుడి మైకులోనో పాట వినపడాలంటే అక్కడ భావం వివరించక్కర్లేదు. ఏ కాలపు పాటలా ఉండాలో ఒక నమూనా పంపితే చాలు.

కంపోజర్ మొదట ఉత్త కీబోర్డు మీద చేసిన ముసాయిదా పంపాక దాన్ని సీన్ మీద పెట్టి చూడండి. నచ్చకపోతే ‘ఇంకాస్త ఫీల్ కావాలి’ అనకుండా, ఏ సెకను దగ్గర సంగీతం అతని రహస్యం చెప్పేస్తోందో రాసి పంపండి. వేణువు మనిషిని పిలిచేది అది సరిపోయాకే.