స్కిజోఫ్రీనియా: డోపమైన్ వివరణ మేలా, గ్లుటమేట్ వివరణ మేలా?

చెవిలో గొంతులు ఆగిపోయాయి. ఎవరో వెంటాడుతున్నారన్న భయమూ పోయింది. అయినా ఆ యువకుడు మంచం దిగడు, పలకరిస్తే ముక్తసరిగా జవాబిస్తాడు, చదివిన పేజీ మరుక్షణమే మరచిపోతాడు. మందు పనిచేసినట్టా, చేయనట్టా? స్కిజోఫ్రీనియా చికిత్సలో మానసిక వైద్యులకు తరచూ ఎదురయ్యే సందర్భమిది. మెదడు కణాల మధ్య కబురు మోసే రసాయనాల్లో డోపమైన్ ఎక్కువ కావడమే ఈ జబ్బుకు మూలమని ఒక సిద్ధాంతం, గ్లుటమేట్ పని మందగించడమే మూలమని మరొకటి. ఆ రెండిటికీ అసలు పరీక్ష ఈ సందర్భమే.

డోపమైన్ సిద్ధాంతానికి గట్టి ఆధారాలే ఉన్నాయి. ఉత్తేజక మందు యాంఫిటమిన్ డోపమైన్‌ను పెంచుతుంది; మోతాదు మించితే అనుమానాలు, భ్రాంతులు పుడతాయి. ఈ జబ్బుకు వాడే పాత మందులు డోపమైన్‌ను అందుకునే డీ2 గ్రాహకాలను ఎంత గట్టిగా పట్టుకుంటే అంత తక్కువ మోతాదు సరిపోతుందని 1970లలోనే తేలింది. అయితే యాంఫిటమిన్ తెచ్చే ఉన్మాదంలో మనిషి సాధారణంగా చురుగ్గా, ఉద్రేకంగా ఉంటాడు. మన యువకుడి స్తబ్ధత అందులో కనిపించదు.

మత్తుమందు కెటమిన్ కథ వేరు. అది గ్లుటమేట్‌కు చెందిన ఎన్‌ఎండీఏ గ్రాహకాలను అడ్డుకుంటుంది. 1994లో అమెరికా పరిశోధకుడు జాన్ క్రిస్టల్ బృందం ఆరోగ్యవంతులకు తక్కువ మోతాదులో ఇచ్చి చూసినప్పుడు వింత ఆలోచనలతో పాటు ఉదాసీనత, జ్ఞాపక లోపం కూడా కనిపించాయి. తర్వాతి పరీక్షలో డోపమైన్‌ను అడ్డుకునే హాలోపెరిడాల్ ముందుగా ఇచ్చినా ఆ ఉన్మాద లక్షణాలు ఆగలేదు. నాకు అన్నిటికంటే బలంగా తోచే సాక్ష్యం ఇదే.

కారణం ఇలా ఊహిస్తున్నారు. మెదడు పైపొరలో ఇతర కణాల వేగాన్ని అదుపు చేసే నిరోధక కణాలు ఉంటాయి. వాటి ఎన్‌ఎండీఏ గ్రాహకాలు మందగిస్తే పగ్గాలు వదులవుతాయి. పెద్ద కణాలు లయ తప్పి మోగుతాయి. ఒక విషయాన్ని కొన్ని సెకన్లు మనసులో నిలుపుకోవడానికి కావలసిన పొందిక చెదురుతుంది. ఆ అలజడి కిందికి పాకి మెదడు లోతట్టు భాగమైన స్ట్రయేటమ్‌లో డోపమైన్‌ను పెంచవచ్చు కూడా. అప్పుడు డోపమైన్ పెరుగుదల మూలం కాదు, చివరి మెట్టు. డీ2ను మూసే మందు ఆ చివరి మెట్టు దగ్గరే పనిచేస్తుంది కనుక గొంతులు ఆగుతాయి, పైనున్న గందరగోళం అలాగే ఉంటుంది.

భ్రమలు, భ్రాంతుల వరకు డోపమైన్ వివరణే మేలు; దాని మందులు నిలిచాయి. స్తబ్ధతకూ ఆలోచనా లోపానికీ నేను గ్లుటమేట్ వైపే మొగ్గుతాను. కానీ అది ఇంకా చికిత్సగా మారలేదు: ఎన్‌ఎండీఏ గ్రాహకానికి తోడ్పడే గ్లైసిన్‌ను పెంచేందుకు తయారైన బిటోపెర్టిన్ పెద్ద పరీక్షల్లో నిలవలేకపోయింది. పైగా కొన్ని గంటల కెటమిన్ ప్రభావం ఏళ్ల తరబడి సాగే జబ్బుకు పూర్తి నమూనా కాదు.

ఆ యువకుడి విషయంలో ముందు చూడవలసింది మందు మోతాదు. డీ2ను అతిగా మూసినా అచ్చం ఇలాంటి మందకొడితనమే వస్తుంది. ఒళ్లు బిగుసుకోవడం, చేతులు వణకడం కూడా ఉంటే అనుమానం మందు మీదికే పోవాలి, వైద్యుడు మోతాదు తగ్గించి చూడవచ్చు. అవేమీ లేక, దిగులూ లేక, స్తబ్ధత నెలల తరబడి కదలకపోతే డీ2 మందును ఇంకా పెంచి లాభం లేదు.