హారాలు వేరైన భిన్నాల కూడిక: అన్నీ గుణించాలా, క.సా.గు. తీయాలా?

దేవరకొండలో ఉండే మా అక్క కొడుకు ఏడో తరగతి. మొన్న వాడికొక లెక్క ఇచ్చాను. నాలుగు చెలక ముక్కలు: 3/8, 1/5, 1/4, 3/10 ఎకరం. మొత్తం ఎంత?

పైవి పైకి, కిందివి కిందికి కూడేసి 8/27 అన్నాడు. మొదటి ముక్కే 3/8 కదా, 8/27 దానికంటే చిన్నది. "నాలుగు కలిపితే నేల తగ్గిందారా?" అంటే నాలుక కరుచుకున్నాడు. ఈ తప్పును పట్టుకోవడానికి ఇంతకంటే తేలిక పరీక్ష లేదు.

తర్వాత హారాలన్నీ గుణించాడు. 8, 5, 4, 10 గుణిస్తే 1600. లవాలు 600, 320, 400, 480 అయ్యాయి, మొత్తం 1800/1600. జవాబు తప్పేమీ కాదు, 200తో కొట్టేస్తే 9/8 వస్తుంది. కానీ ఆ కొట్టివేతలోనే పది నిమిషాలు పోయాయి, మధ్యలో ఒక సున్నా కూడా పోయింది.

క.సా.గు. దారిలో అయితే ముందు హారాలను ఒకసారి చూడాలి. 4 ఎలాగూ 8లో ఉంది, 5 ఎలాగూ 10లో ఉంది. మిగిలింది 8, 10 మాత్రమే. 10 ఎక్కం చదువుతూ పోతే 8తో నిశ్శేషంగా పోయే మొదటి సంఖ్య 40. ఇక లవాలు 15, 8, 10, 12. మొత్తం 45/40. ఇక్కడా చివర 5తో కొట్టేయాలి, క.సా.గు. తీసినంత మాత్రాన ఆ పని తప్పదు.

పక్కన మంచం మీద ఉన్న తాత కాగితం లేకుండానే "ఎకరం అయిదు గుంటలు" అన్నాడు. ఎకరానికి 40 గుంటలు కదా! గుంట అంటే ఆయనకు ముందే సిద్ధంగా ఉన్న ఉమ్మడి హారం.

రెండేసి చొప్పున కలుపుకుంటూ పోతే? ప్రతి మెట్టులో క.సా.గు. తీస్తే బాగానే ఉంటుంది: 23/40, 33/40, 45/40. అలా కాకుండా అడ్డంగా గుణిస్తూ పోతే హారం 40, 160, 1600 అవుతుంది, అంటే మళ్లీ మొదటి గుంతలోనే పడ్డట్టు. జాబితాలో 1/3, 1/6 లాంటి జంట కనిపిస్తే మాత్రం నేను ముందు వాటినే కలిపి 1/2 చేసుకుంటాను.

నా ఓటు క.సా.గు.కే. అయితే 1/7, 1/11, 1/13 లాంటి చోట దానివల్ల ఒరిగేదేమీ లేదు. క.సా.గు., లబ్ధం రెండూ 1001 దగ్గరే కలుస్తాయి.

చివరగా అయిదో ముక్కగా 1/3 ఎకరం చేర్చాను. తాత కాసేపు వేళ్లు లెక్కపెట్టి "పదమూడు గుంటలు... ఇంకా కొద్దిగ" అని ఆగాడు. 40ని మూడు భాగిస్తే కదా! మేనల్లుడు ఈసారి 120 పెట్టాడు. 135, 40 కలిపి 175/120, కొట్టేస్తే 35/24. అంటే ఎకరం పద్దెనిమిది గుంటలు, ఇంకో గుంటలో మూడో వంతు.